చీర ఆలస్యమైతే ఏం చెప్పడం మేలు: కొత్త తేదీనా, ఇంకో చీరా?

హిమాయత్‌నగర్‌లో మాది చిన్న చీరల షాపు. ఆర్డర్లన్నీ దాదాపు వాట్సాప్‌లోనే. ఈ మధ్య కూకట్‌పల్లి నుంచి ఒకావిడ మెరూన్ పోచంపల్లి పట్టుచీరకు డబ్బు కట్టారు. 10న పంపుతామన్నాం. 8న నేతన్నకు ఫోన్ చేస్తే చీర ఇంకా మొదలే కాలేదు.

ఇలాంటప్పుడు చాలామంది "రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది మేడమ్" అంటారు. అన్నిటికంటే చెడ్డ దారి ఇదే. పోచంపల్లి ఇక్కత్‌లో డిజైన్ మగ్గం మీద పుట్టదు, ముందే దారానికి ముడులు కట్టి రంగు వేస్తారు. ఆ రంగు, ఆ డిజైన్ చీరలు కొన్ని ఒకే పడుగు మీద, అంటే మగ్గానికెక్కించే ఒకే పొడవాటి దారాల వరుస మీద, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. తొందరపెడితే వచ్చేది కాదు.

అందుకే "ఎప్పుడిస్తావన్నా?" అని అడగను, "పడుగు మగ్గమెక్కిందా, ఎన్నో చీర నడుస్తోంది?" అని అడుగుతాను. రెండోది నడుస్తోందన్నాడు. మాది మూడోది. ఒక్కోదానికి నాలుగైదు రోజులు, అంటే 18. మధ్యలో కరెంటు, పండగ, జ్వరం ఏదైనా రావచ్చు కాబట్టి రెండు రోజులు కలిపి 20 అనుకున్నాను.

ఇక తేదీ ఒక్కటే చెప్పాలా, వేరే చీరలూ చూపించాలా? ఆవిడ ఇంట్లో ఫంక్షన్ 27న. పైకి చూస్తే 20 చాలు. కానీ టైలర్ జాకెట్ కుట్టడానికి ఐదు రోజులడుగుతాడు కాబట్టి చీర 21కల్లా ఇంట్లో ఉండాలి. ఒక్క రోజు అటూ ఇటూ అయినా కష్టమే. తేదీ మాత్రమే చెబితే ఆ టెన్షనంతా ఆవిడ మీద పడుతుంది. వేరే చీరలు మాత్రమే చూపిస్తే, మనసుపడ్డ చీర ఇక రాదనుకుంటారు. పది ఫొటోలు పంపితే ఇంకా అన్యాయం, ఏదీ తేల్చుకోలేరు.

నాకు రెండూ కలిపి చెప్పడమే మేలనిపించింది. ముందు ఫోన్ చేసి, తర్వాత ఇది పంపాను:

"మేడమ్, మీ మెరూన్ చీర 10న పంపలేకపోతున్నాం, క్షమించండి. మగ్గం మీద దాని వంతు ఇంకా రాలేదు. 20న పంపుతాం, 21న మీకు అందుతుంది. అదే ధరలో షాపులో ఉన్న రెండు చీరల ఫొటోలు పెట్టాను, పగటి వెలుతురులో తీసినవి. నచ్చినది చెబితే 15 వరకు మీ పేరు మీద పక్కన పెడతాను. 15న నేనే ఫోన్ చేస్తాను. వద్దనుకుంటే డబ్బు మొత్తం వాపసు."

ఇందులో ప్రాణం 15వ తేదీ. ఆ రోజుకు చీర సగమైనా నేసి ఉండాలి. లేదంటే 20ని నమ్ముకోలేమని అప్పుడే తెలిసిపోతుంది, ఆవిడకు ఇంకో చీర చేతిలో ఉంటుంది. జవాబు రాలేదు కదా అని వేరే చీర పంపేయడం మాత్రం తప్పు. అడగకుండా పంపినది తిరిగొస్తుంది, నమ్మకం తిరిగి రాదు.

ఆవిడ ఆకుపచ్చది పక్కన పెట్టమన్నారు. 15న నేతన్నకు ఫోన్ చేస్తే మెరూన్ చీర అప్పుడే మొదలైందని తెలిసింది. అదే మాట ఆవిడకు చెప్పాను. ఆకుపచ్చ చీర మర్నాడే కూకట్‌పల్లి చేరింది.