ఫ్రీలుక్‌లో పాలసీ క్యాన్సిల్: "షరతులు నచ్చలేదు" అని రాయాలా, "మోసం చేశారు" అని రాయాలా? ఏది మేలు?

ముందు ఒక కేసు అనుకుందాం. బ్యాంకులో ఎఫ్‌డీ వేద్దామని వెళ్ళినాయనకి "సార్ ఇది ఎఫ్‌డీ లాంటిదే, ఒక్కసారి కడితే చాలు" అని చెప్పి ఎండోమెంట్ పాలసీ అంటగట్టారు. ప్రీమియం 50,000, సమ్ అష్యూర్డ్ 5 లక్షలు. బాండ్ ఇంటికొచ్చాక తిరగేస్తే ప్రీమియం పేయింగ్ టర్మ్ దగ్గర 10 ఏళ్ళు అని ఉంది, అంటే ప్రతి ఏడాదీ 50 వేలు కట్టాలి. ఇలాంటివి మన దగ్గర కొత్తేం కాదు.

ఇప్పుడు ఈయన చేతిలో ఉన్న దారులు: ఫ్రీలుక్‌లో, అంటే పాలసీ చదివి నచ్చకపోతే వెనక్కిచ్చేయడానికి ఇచ్చే గడువులో, క్యాన్సిల్ చెయ్యడం, అబద్ధం చెప్పి అమ్మారని మిస్‌సెల్లింగ్ కంప్లైంట్ పెట్టడం, లేదా "పోతే పోయింది" అని వచ్చే ఏడాది నుంచి కట్టడం మానెయ్యడం. మూడోది వదిలెయ్యండి. 2024 అక్టోబర్ నుంచి కొత్త పాలసీలకి మొదటి ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి ఆ ఏడాది గడిస్తే పాలసీ మధ్యలో వదిలేస్తే ఇచ్చే సరెండర్ వాల్యూ ఎంతో కొంత వస్తుంది గానీ, కట్టిన 50 వేలు పూర్తిగా తిరిగి రావు. అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే, జనం గందరగోళపడేదీ అక్కడే, ఎందుకంటే ఫ్రీలుక్ లెటర్లో కూడా కారణం రాయమంటారు కదా, ఆ కారణం గళ్ళో కోపమంతా కక్కేస్తారు.

బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 రూల్స్ ప్రకారం ఫ్రీలుక్‌కి పాలసీ డాక్యుమెంట్ చేతికి అందిన రోజు నుంచి 30 రోజులు టైమ్. ఈమెయిల్లో వచ్చినా అందినట్టే, కాబట్టి కొరియర్లో పేపర్ బాండ్ వచ్చేదాకా ఆగుదాం అనుకోవద్దు, మెయిల్ ఏ తేదీన వచ్చిందో చూసి అక్కడి నుంచే లెక్కపెట్టుకోండి. పేపర్ బాండ్ మాత్రమే వస్తే కొరియర్ కవరు పారెయ్యకండి, డెలివరీ ఎస్సెమ్మెస్ డిలీట్ చెయ్యకండి, తేదీ మీద గొడవొస్తే అవే ఆధారం.

ఈ 30 రోజుల్లో మీరు ఏదీ నిరూపించక్కర్లేదు. షరతుల్లో ఏదో ఒకటి మీకు ఒప్పుకోలు కాదు, క్లెయిమ్ ఏమీ తీసుకోలేదు, అంతే. కారణం చెప్పాలి గానీ ఆ కారణం న్యాయమైనదా కాదా అని కంపెనీ తీర్పు చెప్పే పనిలేదు. అదే "మీ స్టాఫ్ మోసం చేశాడు" అని రాశారనుకోండి, అది ఆరోపణ. దాని మీద వాళ్ళు ఎంక్వైరీ అంటారు, బ్రాంచ్‌ని వివరణ అడిగాం అంటారు, తర్వాత పాలసీ ఇచ్చే ముందు వచ్చిన వెరిఫికేషన్ కాల్ రికార్డింగ్ బయటికి తీస్తారు. ఆ కాల్‌లో "పదేళ్ళు ప్రీమియం కట్టాలి, మీకు తెలుసు కదా సార్" అంటే మనవాడు పక్కన ఏజెంట్ సైగ చేస్తుంటే "ఆ ఆ తెలుసు" అని ఉంటాడు. దానికి తోడు ఎంత కడితే ఎంతొస్తుందో చూపే బెనిఫిట్ ఇలస్ట్రేషన్ కాగితం మీద సంతకం. ఆ రెండూ ముందు పెట్టి "మిస్‌సెల్లింగ్ ఏమీ జరగలేదు" అని జవాబిస్తే మీ క్యాన్సిలేషన్ రిక్వెస్టు ఆ గొడవలో కలిసిపోతుంది. ఫ్రీలుక్‌లో ఆ రికార్డింగ్‌కి విలువే లేదు, తెలిసి ఒప్పుకున్నా సరే 30 రోజుల్లో వద్దనే హక్కు మీకుంది.

అందుకే నా ఓటు మామూలు కారణానికే, అదీ బాండ్‌లో ఉన్న ఒక షరతుని వేలెత్తి చూపిస్తూ. లెటర్ ఇంత చాలు:

"పాలసీ నంబర్ ఫలానా. డాక్యుమెంట్ నాకు ఫలానా తేదీన అందింది. ప్రీమియం 10 ఏళ్ళు కట్టాలన్న షరతు నాకు సమ్మతం కాదు, నేను కోరుకున్నది ఒకేసారి కట్టేది. ఈ పాలసీ మీద క్లెయిమ్ ఏదీ చెయ్యలేదు. ఫ్రీలుక్ కింద పాలసీ రద్దు చేసి, ప్రీమియం నా బ్యాంక్ ఖాతాకి తిరిగి పంపగలరు."

కోపం లేదు, కథ లేదు. బాండ్ ఒరిజినల్, క్యాన్సిల్డ్ చెక్, ఐడీ కాపీ జత చెయ్యండి, సంతకం ప్రపోజల్ ఫామ్‌లో పెట్టినట్టే పెట్టండి. బ్రాంచ్‌లో ఇస్తే కాపీ మీద తేదీతో సీల్ వేయించుకోండి, అదే లెటర్ కంపెనీ కస్టమర్ కేర్ మెయిల్‌కి కూడా కొట్టండి. ఏజెంట్‌కి వాట్సాప్ పెట్టి ఊరుకుంటే పని అవ్వదు. ఇంకోటి, కౌంటర్లో పొరపాటునో కావాలనో సరెండర్ ఫామ్ చేతిలో పెడతారు, తీసుకోకండి. సరెండర్ వేరే ప్రాసెస్, నెల కూడా నిండని పాలసీకి సరెండర్ వాల్యూ ఏముంటుంది, రిజెక్ట్ అవుతుంది, ఈలోపు మీ రోజులు కరిగిపోతాయి.

లెటర్ ఇచ్చాక ఫోన్లు మొదలవుతాయి. "వేరే ప్లాన్‌కి మారుస్తాం సార్, పై వారం మేనేజర్ వస్తారు" అంటారు. నిజంగా మారుస్తారో లేదో గానీ పై వారం, ఆ పై వారం అంటూ 30వ రోజు దాటించడం మాత్రం బాగా తెలుసు.

డబ్బు ఎంత వస్తుంది? కవర్ ఉన్న రోజులకి రిస్క్ ప్రీమియం, అంటే ప్రీమియంలో బీమా రక్షణకి పోయే వాటా, మెడికల్ టెస్టు ఖర్చు, స్టాంప్ డ్యూటీ, ఇవే పట్టుకుంటారు. మన కేసులో 20వ రోజున క్యాన్సిల్ చేశాడనుకుందాం. రిస్క్ ప్రీమియం ఏడాదికి 900 అనుకుంటే 20 రోజులకి 50 దాకా, స్టాంప్ డ్యూటీ వెయ్యికి 20 పైసల చొప్పున 5 లక్షలకి 100, మెడికల్ చేయించలేదు కాబట్టి సున్నా. 50,000లో 49,850 చేతికొస్తుంది. ప్రీమియం మార్కెట్లో పెట్టే యూలిప్ అయితే లెక్క మారుతుంది, యూనిట్లు క్యాన్సిల్ చేసిన రోజు ధరకి కొంటారు కాబట్టి ఆ రోజుల్లో మార్కెట్ పడితే ఆ నష్టం మీదే. హెల్త్ పాలసీకి కూడా ఫ్రీలుక్ ఉంది గానీ కొత్తగా తీసుకున్నప్పుడే, రెన్యువల్‌కి లేదు.

మరి మిస్‌సెల్లింగ్ కంప్లైంట్ ఎప్పుడు? 30 రోజులు దాటిపోతే మిగిలేది అదొక్కటే, అప్పుడు ఏజెంట్ వాట్సాప్ మెసేజ్‌లు, "ఒక్కసారి కడితే చాలు" అని చేత్తో రాసిచ్చిన కాగితం, ఇవన్నీ కావాలి, నెలలు పట్టినా పట్టొచ్చు, గెలుస్తామన్న గ్యారంటీ లేదు. ఆ ఏజెంట్ మీద చర్య తీసుకోవాలని పట్టుదల ఉంటే డబ్బు ఖాతాలో పడ్డాక వేరే లెటర్‌గా పెట్టుకోండి, ఎవరూ ఆపరు. రెండూ ఒకే కాగితంలో మాత్రం కలపకండి.

రిక్వెస్టు అందాక 7 రోజుల్లో రీఫండ్ ఇవ్వాలని రూల్. ఇవ్వకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, దానితో పాటు ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్లో ఎక్కించండి, లేదా 155255కి ఫోన్ చెయ్యండి. నెల దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే బీమా ఫిర్యాదులు పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. అక్కడ మొదట చూపించాల్సింది తేదీ సీల్ పడిన మీ లెటర్ కాపీయే.