ఏ4 కాగితానికి పది కూపన్లు: నాలుగేళ్లు వాడిన లేఅవుట్ గురించి

మా సంఘం లక్కీ డ్రాకు కూపన్లు వేసే పని నాలుగేళ్లుగా నా నెత్తిమీదే ఉంది. ఏడాదికి రెండు డ్రాలు, డ్రాకి వెయ్యి కూపన్లు. మొదట్లో ఒక స్నేహితుడిచ్చిన ఫైలునే అటూఇటూ మార్చుకుంటూ వచ్చాను. ఇప్పుడది పూర్తిగా నా కొలతల్లో ఉంది. బాగా నడుస్తోంది కానీ, లోపాలు లేవని మాత్రం అనను.

కొలతలు ఇవీ. నిలువుగా పెట్టిన ఏ4లో రెండు నిలువు వరసలు, వరసకు ఐదు కూపన్లు. కాగితానికి పక్కల 5 మిల్లీమీటర్లు, పైనా కిందా 6 మిల్లీమీటర్లు వదిలేస్తే ఒక్కో కూపన్ 100 × 57 వస్తుంది. ఇంటి ప్రింటర్లు చాలావరకు అంచు దాకా వేయలేవు కాబట్టి ఆ ఖాళీ తప్పదు. కూపన్‌లో ఎడమవైపు 38 మిల్లీమీటర్లు మా పుస్తకంలో ఉండిపోయే కౌంటర్‌ఫాయిల్, మిగతా 62 కొన్నవాళ్ల చేతికి వెళ్లే ముక్క.

మొదటి ఫైల్లో కౌంటర్‌ఫాయిల్ 25 మిల్లీమీటర్లే ఉండేది. పిన్ను కొట్టే అంచు పోను అందులో ఫోన్ నంబరు రాయడం ఎవరి వల్లా కాలేదు. చివరి రెండంకెలు కిందికి దిగేవి, లేదా చిల్లుల గీత దాటి అవతలి ముక్కలోకి వెళ్లేవి. చించాక గెలిచినవాళ్ల నంబరులో సగం వాళ్ల దగ్గరే ఉండిపోయేది! వెడల్పు 38 దాటి పెంచితే కొన్నవాళ్ల ముక్క మరీ తగ్గిపోతుంది. అందుకని రాసే గీతల్ని నిలువుగా తిప్పేశాను. పుస్తకాన్ని పక్కకు తిప్పి పట్టుకుంటే 57 మిల్లీమీటర్ల పొడవు గీత దొరుకుతుంది, పది అంకెలు హాయిగా పడతాయి. పేరుకొకటి, ఫోనుకొకటి, రెండే గీతలు. చిరునామా గీత తీసేశాను, దాన్ని ఎవరూ నింపరు.

నంబర్ల విషయంలో ఈ లేఅవుట్‌కు మంచి మార్కులు వేస్తాను, కానీ వరస తెలియకపోతే ఇదే కొంప ముంచుతుంది. ఒక షీట్ మీద 1 నుంచి 10 దాకా వేశారనుకోండి, కోశాక వెయ్యి ముక్కల్ని చేత్తో పేర్చాలి. మొదటిసారి నేను చేసింది అదే, తెల్లారింది. వెయ్యి కూపన్లంటే వంద షీట్లు. మొదటి గడిలో 1 నుంచి 100, రెండో గడిలో 101 నుంచి 200, అలా పదో గడిలో 901 నుంచి 1000 రావాలి. అప్పుడు వంద షీట్లనూ వరస చెదరకుండా కోస్తే పది దొంతరలు వస్తాయి, ఒకదాని కింద ఒకటి పెడితే సరిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి వరసలో శీర్షిక పెట్టి, రెండో వరస నుంచి 1001 దాకా ఈ ఫార్ములా లాగుతాను:

```
=TEXT(MOD(ROW()-2,10)*100+INT((ROW()-2)/10)+1,"0000")
```

మొదటి గడికి 0001, రెండోదానికి 0101 వస్తాయి. రెండో షీట్ 0002తో మొదలవుతుంది. `TEXT` లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేసేటప్పుడు `«Next Record»` ఒక కూపన్‌కూ తర్వాతి కూపన్‌కూ మధ్య మాత్రమే ఉండాలి. ఓసారి అది పొరపాటున కౌంటర్‌ఫాయిల్‌కూ కూపన్‌కూ మధ్యలో పడింది. ఒకే ముక్క మీద ఎడమ 0001, కుడి 0101. ప్రింట్ కొట్టేముందు మొదటి షీటూ చివరి షీటూ తెరిచి రెండు వైపుల నంబర్లూ కలుస్తున్నాయో చూడటం అప్పటి నుంచి అలవాటైంది.

ఇంకో దెబ్బ కాగితం ఇరుక్కున్నప్పుడు తగిలింది. 37వ షీట్ నలిగి బయటికొస్తే మళ్లీ వేశాను. నలిగింది కూడా కట్టలో కలిసిపోయింది. ఫలితం, పది నంబర్లు రెండేసి. పంచాక తెలిసి, ఆ పదీ వెతికి వెనక్కి తీసుకోవడం ఎంత తలనొప్పో చెప్పలేను. ఇప్పుడు కోతలో పోయే కింది అంచులో సన్నగా షీట్ నంబరు కూడా వేస్తున్నాను. కోసేముందు 1 నుంచి 100 దాకా తిప్పి చూసుకుంటే చాలు.

అంకెల్లో 6, 9 సంగతి డ్రా వేదిక మీదే బయటపడింది. చీటీ తీసినాయన తలకిందులుగా పట్టుకుని 0990 అని చదివారు, అసలది 0660. ఆ రెండు నంబర్లూ అమ్ముడయ్యాయి. నంబరు ముందు ‘నెం.’ అని, కింద గీత పెట్టడంతో ఆ గొడవ తీరింది.

ఇక చిల్లులు. కౌంటర్‌ఫాయిల్ ఎడమవైపే ఉండటంతో షీట్‌కు రెండే నిలువు గీతలు, ఎడమ అంచు నుంచి 43, 143 మిల్లీమీటర్ల దగ్గర, పై నుంచి కింది దాకా ఒకే ఊపులో. ఏ4 కాగితంలో నార సాధారణంగా పొడుగు వైపే ఉంటుంది కనుక ఆ దిశలో చింపుడు కూడా నేరుగా వస్తుంది. అనుమానముంటే ఒక షీట్ అటూ ఇటూ చింపి చూడండి, ఏ దిశ వంకర లేకుండా చిరిగితే నార అటే. ప్రింట్ అయ్యాకే చిల్లులు వేస్తాను, రోటరీ కట్టర్‌కు చిల్లుల చక్రం తగిలించి రెండేసి షీట్లు. టైలర్లు గుర్తులు పెట్టే పళ్ల చక్రంతోనూ వేశాను. పని జరుగుతుంది కానీ వంద షీట్లకు చేయి నొస్తుంది.

మొదట్లో చిల్లులు పడాల్సిన చోట చుక్కల గీత కూడా ప్రింట్ చేసేవాణ్ని. ప్రింటర్ కాగితాన్ని ఒక్కోసారి మిల్లీమీటరో రెండో పక్కకు లాగుతుంది, చిల్లులు గీత పక్కన పడి చూడటానికి అసహ్యంగా ఉండేది. గీత తీసేసి, పైనా కిందా అంచుల్లో చిన్న గుర్తులు మాత్రం ఉంచాను. గీతకు ఇరువైపులా 4 మిల్లీమీటర్ల దాకా అక్షరం రాకుండా చూసుకుంటే ఆ జరుగుడు ఎవరి కంటా పడదు. ప్రింట్ పెట్టేటప్పుడు `Fit to page` వద్దు, `Actual size` లేదా 100% ఎంచుకోవాలి. ఒక షీట్ వేసి స్కేలుతో కూపన్ వెడల్పు కొలవండి. 100కు బదులు 97 వచ్చిందంటే ప్రింటర్ కుదించేసినట్టే, ఇక చిల్లులు ఎక్కడ పడతాయో చెప్పలేం.

కాగితం 100 నుంచి 120 జీఎస్ఎమ్ నాకు నచ్చింది. 80 అయితే పుస్తకం నుంచి లాగేటప్పుడు చిల్లుల దగ్గర ఆగకుండా పక్కకు చిరుగుతుంది. అట్టలాంటిది ఇంటి ప్రింటర్‌లో ఇరుక్కుంటుంది, పైగా మడిచి డబ్బాలో వేసినా విప్పుకుంటుంది.

నకిలీలకు ఈ లేఅవుట్ దగ్గర మందు లేదు, జిరాక్స్ తీస్తే పోలినదే వస్తుంది. చిల్లుల గీత మీద రెండు ముక్కల మీదా సగం సగం పడేలా సంఘం ముద్ర కొడతాం. గెలిచిన చీటీని, వాళ్లు తెచ్చిన ముక్కను పక్కపక్కన పెడితే ముద్ర కలవాలి. వెయ్యి ముద్రలంటే ఒక సాయంత్రం పోతుంది, ఇద్దరు కూర్చుంటే కాస్త నయం.

రెండు వేలు దాటితే మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. ప్రెస్‌కు వెళ్తే నంబరింగ్, పెర్ఫరేషన్, కటింగ్ వాళ్లే చేస్తారు. కిందటేడు ఓసారి అలా ఇచ్చాను. నంబర్లు నా ఫైల్లోనే ఉన్నాయని చెప్పడం మరిచిపోయాను, వాళ్లు తమ మిషన్‌తో ఇంకోసారి కొట్టారు. ఒక్కో కూపన్ మీద రెండు వేర్వేరు నంబర్లు. ఇప్పుడు ప్రెస్‌కిచ్చే ఫైల్లో నంబరు చోటు ఖాళీగా వదిలి, చిల్లుల గీత ఎక్కడో మిల్లీమీటర్లలో కాగితం మీద రాసిస్తున్నాను.