గ్యాస్ గీజర్ ఉన్న ఇంట్లో సీఓ అలారం: బాత్రూమ్ లోపలా, బయటా?

బెంగళూరులో చలి మొదలైతే చాలు, అద్దె ఇళ్లలో ఉండే మనవాళ్లు ఒకటే అడుగుతారు: "అన్నా, బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం తెచ్చాం. లోపల తగిలించాలా, బయటా?" కార్బన్ మోనాక్సైడ్, అంటే సీఓ అనే వాసన లేని విషవాయువు, పుట్టేది గీజర్ దగ్గరే కాబట్టి లోపలే మేలని చాలామందికి తోస్తుంది. నా ఓటు బయటికే. అయితే దానికో షరతుంది.

లోపల పెడితే వచ్చే మొదటి ఇబ్బంది ఆవిరి. ఈ అలారాల్లోని సెన్సర్ మీద నీటి చెమ్మ పేరుకుంటే ఊరికే మోగుతుంది, లేదా మొద్దుబారుతుంది. అందుకే చాలా కంపెనీల మాన్యువల్స్ బాత్రూమ్‌లో వద్దంటాయి. రెండుసార్లు ఉత్తినే మోగిందంటే మనవాళ్లు బ్యాటరీ పీకేస్తారన్నది వేరే సంగతి.

కానీ నా దృష్టిలో అసలు తేల్చేది ఆవిరి కాదు, టైమ్. గాలిలో సీఓ కనబడగానే అలారం మోగదు. డబ్బా మీద సీఓ అలారాల యూరప్ ప్రమాణం EN 50291 అని ఉన్నదైతే 100 పీపీఎం దగ్గర, అంటే గాలిలో పది లక్షల వంతులకు వంద వంతుల సీఓ ఉంటే, పది నుంచి నలభై నిమిషాల మధ్య మోగాలి. 300 పీపీఎం దాటితే మూడు నిమిషాల్లోపు మోగాలి. ఇది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. సీఓ ఒంట్లోకి మెల్లగా ఎక్కుతుంది కాబట్టి అది ఎంత ఉంది, ఎంతసేపు ఉంది అని రెండూ చూసి మోగుతుంది.

ఇప్పుడు అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూమ్ తీసుకోండి. అందులో ఉండే గాలి సుమారు ఎనిమిది ఘనపు మీటర్లు. నిమిషానికి ఆరు లీటర్ల గీజర్ ఫుల్‌లో పెడితే పావుగంటకు దాదాపు 200 గ్రాముల ఎల్పీజీ కాలుతుంది. అంత గ్యాస్ పూర్తిగా కాలడానికి రెండున్నర ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే తలుపు, వెంటిలేటర్ మూసుకుంటే ఒక్క స్నానంలో గదిలోని ఆక్సిజన్‌లో మూడో వంతుకు దగ్గరగా మంటకే పోతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగ్గా కాలక సీఓ వదులుతుంది. మొదట్లో ఏమీ ఉండదు, చివరి నిమిషాల్లో ఒక్కసారిగా పెరుగుతుంది. అలారం లెక్క చూసుకుని మోగేసరికి లోపలి మనిషి తల తిరిగి, కాళ్లు తేలిపోయి, గడియ తీయలేని స్థితిలో ఉండొచ్చు.

మరి బయట పెడితే? తలుపు మూసి ఉంటే ఇంకా ఆలస్యం. కింది సందులోంచి వచ్చినదే దానికి తెలుస్తుంది. నేను చెప్పిన షరతు ఇక్కడే: గీజర్ వెలుగుతున్నంతసేపూ బాత్రూమ్ తలుపు, వెంటిలేటర్ తెరిచే ఉండాలి. బకెట్ నింపుకోండి, గీజర్ ఆపండి, కాసేపు గాలి ఆడనివ్వండి, ఆ తర్వాతే లోపలికెళ్లి గడియ పెట్టుకోండి. అప్పుడు బాత్రూమ్ గాలి, ప్యాసేజ్ గాలి ఒకటవుతాయి. అలారానికి ఆవిరి తగలదు, మండుతున్న గీజర్‌తో మనిషి బందీ కాడు. మా ఇంట్లో ఇదే పద్ధతి. పీపీఎం అంకె చూపించే డిస్‌ప్లే ఉన్న అలారం తీసుకున్నాం. శబ్దం ఆలస్యమైనా అంకె ముందే పెరుగుతుంది కాబట్టి బకెట్ నిండాక దాన్ని చూసి మరీ లోపలికెళ్తాం. కొన్ని మోడళ్లు 30 లోపు అంకెను చూపించవు, కాబట్టి సున్నా ఉందంటే గాలి పూర్తిగా శుభ్రమని కాదు.

షవర్ కిందే స్నానం కావాలంటే మాత్రం అలారం ఎక్కడ పెట్టినా నేను భరోసా ఇవ్వను. ఓనర్‌తో మాట్లాడి గీజర్‌ను గాలాడే యుటిలిటీ బాల్కనీలోకి మార్చి, వేడినీళ్ల పైపు లోపలికి లాగించుకోవాలి. ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను నమ్ముకోవడం కూడా సరిపోదు. లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే అది లాగడానికి ఏమీ ఉండదు.

ప్యాసేజ్‌లో ఎక్కడంటే, తలుపుకు ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో, మాన్యువల్ చెప్పిన ఎత్తులో. సీఓ బరువు దాదాపు గాలంతే కాబట్టి నేల దగ్గర పెట్టక్కర్లేదు. కర్టెన్ వెనక, అల్మరా లోపల వద్దు. అటాచ్డ్ బాత్రూమ్ అయితే బెడ్‌రూమ్ గోడే ప్యాసేజ్ అనుకోండి. పక్కింటి గీజర్ గాలి కూడా వచ్చే డక్ట్‌లోకి మీ కిటికీ తెరుచుకుంటే, ఆ గదిలో రెండోది పెట్టుకోవడం మంచిది.

గ్యాస్ లీక్ అలారం ఉంది, చాలదా అని కొందరు. చాలదు. అది కాలని ఎల్పీజీని పట్టుకుంటుంది, సీఓను కాదు. స్మోక్ డిటెక్టర్‌దీ అదే కథ.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. అది బ్యాటరీ, సర్క్యూట్, శబ్దం బాగున్నాయని చెబుతుంది, సెన్సర్‌కు ఇంకా చేవ ఉందని కాదు. సెన్సర్ ఆయుష్షు మోడల్‌ను బట్టి అయిదు నుంచి పదేళ్లు. మార్చాల్సిన తేదీ సాధారణంగా అలారం వెనకే అచ్చేసి ఉంటుంది, గోడకు తగిలించే ముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.