మూడేళ్లు వాడాక: సరుకును మన దగ్గరికే తెచ్చే మెషీన్లు పెట్టుబడిని వెనక్కి తెచ్చాయా?

మా గోడౌన్ చెన్నై నుంచి వెళ్తే శ్రీపెరుంబుదూరు దాటాక వస్తుంది. వాహనాల విడిభాగాల వ్యాపారం, 18,000 చదరపు అడుగుల అద్దె షెడ్డు. అందులో నట్లు, బేరింగులు, సీళ్లు, సెన్సార్ల లాంటి చిన్న సరుకు కోసం 2022లో మూడు వర్టికల్ లిఫ్ట్ మాడ్యూళ్లు పెట్టాం. మా కుర్రాళ్లు వాటిని బీరువాలు అంటారు, ఆ పేరే బాగా కుదిరింది. ఎనిమిది మీటర్ల ఎత్తు ఇనుప బీరువాలో ముందూ వెనకా ట్రేలు, మధ్యలో ఒక లిఫ్టు. ఆర్డర్ పిలవగానే కావాల్సిన ట్రే కిటికీ దగ్గరికి దిగుతుంది. మనిషి ర్యాకుల మధ్య తిరగక్కర్లేదు.

ర్యాకులను మోసుకొచ్చే రోబోలను, గళ్ల డబ్బాల మీద రోబోలు తిరిగే పద్ధతినీ కూడా చూశాం. మా స్థాయికి అవి పెద్దవని వదిలేశాం. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. తప్పు జరిగింది లెక్కలో.

అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితం ప్రకారం మొత్తం ఖర్చు కోటిన్నర. చిన్న సరుకు దగ్గర రెండు షిఫ్టుల్లో పది మంది ఉండేవాళ్లు, ఇక ముగ్గురు చాలన్నారు. మనిషికి పీఎఫ్, ఈఎస్ఐ, కాంట్రాక్టర్ కమీషన్ కలిపి నెలకు 25,000 చొప్పున ఏడాదికి 21 లక్షల మిగులు. నాలుగు వేల అడుగుల స్థలం ఖాళీ అవుతుంది కాబట్టి అద్దెలో పన్నెండున్నర లక్షలు, పొరపాట్లు తగ్గడం వల్ల ఇంకో ఆరు లక్షలు. అంటే నాలుగేళ్లలోపే డబ్బు తిరిగి వస్తుంది. మా ఓనర్ గారు ఆ కాగితం చూసే సంతకం పెట్టారు. నేనూ తల ఊపాను.

ఆ కాగితంలో గంటకు 270 లైన్లు అని రాసి ఉంది. లైను అంటే ఆర్డర్‌లో ఒక ఐటెం. అది అబద్ధం కాదు. పాత ట్రేను లోపల పెట్టి కొత్తది తేవడానికి మా మెషీన్‌కు సగటున 40 సెకన్లు పడుతుంది. అంటే గంటకు 90 ట్రేలు, మూడు మెషీన్లకు 270. కానీ ఇది మెషీన్ వేగం. గూడూరు నుంచి వచ్చి పనిచేస్తున్న ఒకమ్మాయి రెండో వారంలోనే నాతో అంది, "సార్, అది ఎప్పుడో వచ్చి నా కోసం కాచుకుని ఉంటోంది, ఆలస్యం నాదే." స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. స్క్రీన్ చదివి, నట్లు లెక్కపెట్టి, స్కాన్ చేసి, డబ్బాలో వేసి, పక్క కిటికీకి వెళ్లేసరికి ఒక్కో లైనుకు 25 సెకన్లు. గంటకు 144 లైన్లు మాత్రమే. కొనేముందు మా సరుకుతోనే ఒక అరపూట ఈ లెక్క తీసి ఉంటే సరిపోయేది. డెమోలో వాళ్లు ఒక్కో డబ్బా తీసి చూపించారు. మాకేమో పదేసి, ఇరవయ్యేసి వాషర్లు లెక్కపెట్టే పని.

ఇంకో పెద్ద పొరపాటు, సరుకు లోపల పెట్టే పనిని ఎవరూ లెక్కేయలేదు. రోజుకు 1,400 లైన్లు బయటికి వెళ్తే, వచ్చిన సరుకు సర్దడానికి ఇంకో 500 సార్లు అదే కిటికీ తెరవాలి. రెండూ కలిపి 1,900. గంటకు 144 చొప్పున పదమూడు గంటల పని. రెండు షిఫ్టుల్లో అసలు పని జరిగేది పద్నాలుగు గంటలు. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. కానీ మా ఆర్డర్లలో నలభై శాతం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు మధ్యే పడతాయి, ఆరున్నరకు లారీ కదలాలి. అంటే గంటకు 187 లైన్లు కావాలి. దాంతో రోజూ సాయంత్రం టెన్షనే. చివరికి ఇద్దరిని కిటికీల దగ్గర నిలబెట్టి, సర్దడానికి వేరే మనుషులను పెట్టాం. మొదటి ఏడాది పది మందిలో ముగ్గురే తగ్గారు, రెండో ఏడాదికి ఐదుగురు.

స్థలం సంగతి సరే సరి. నాలుగు వేల అడుగులు ఖాళీ అయిన మాట నిజమే, కానీ షెడ్డు యజమాని అద్దె తగ్గించడు కదా. ఖాళీ నేల డబ్బు కాదు. రెండో ఏడాది బయట అద్దెకు తీసుకున్న చిన్న గోడౌన్ వదిలేసి సరుకంతా ఇక్కడికి తెచ్చాకే ఏడాదికి మూడు లక్షల అరవై వేలు నిజంగా మిగిలాయి. వేరే అద్దె పోవడమో, తీసుకోబోయే స్థలం ఆగిపోవడమో జరిగితేనే ఆ గడిలో అంకె రాయాలి.

రెండో ఏడాది చివర్లో చేసిన రెండు మార్పులు పరిస్థితిని నిలబెట్టాయి. మొదటిది, బాగా అమ్ముడుపోయే అరవై ఐటెంలను బీరువాల్లోంచి తీసేశాం. ఆయిల్ ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్ల లాంటివి. లైన్లలో ముప్పై శాతం వాటివే. పక్కనే ఏటవాలు ర్యాకుల్లో పెడితే ఐదడుగులు వేసి చేత్తో అందుకోవచ్చు. వాటి కోసం నలభై సెకన్లు లిఫ్టును తిప్పడం శుద్ధ దండగ. అమ్మినవాళ్లు మాత్రం "అన్నీ లోపలే పెట్టండి" అన్నారు, మేమూ అలాగే చేశాం. రెండోది, ఆర్డర్లను ఒక్కొక్కటిగా కాకుండా పన్నెండు చొప్పున కలిపి పిలవడం, తరచూ కలిసి వెళ్లే ఐటెంలను ఒకే ట్రేలోకి మార్చడం. ఇంతకుముందు ఒక ట్రే వస్తే దాదాపు ఒక్క లైనే తీసేవాళ్లం, ఇప్పుడు పది ట్రేలకు పదిహేడు లైన్లు. కిటికీల మధ్య నడక తగ్గి, లైనుకు పట్టే సమయం 21 సెకన్లకు దిగింది.

ఇక డబ్బు. మొదటి ఏడాది మిగిలింది 11 లక్షలు. ఆ ఏడాది బ్యాంకు వడ్డీయే దాదాపు 15 లక్షలు, అమ్మినవాళ్ల కాగితంలో వడ్డీ అనే వరుసే లేదు. రెండో ఏడాది, ఐదు లక్షల ఏఎంసీ పోగా పదహారున్నర లక్షలు. మూడో ఏడాది లైన్లు రోజుకు 1,900 అయ్యాయి. పాత పద్ధతిలో అయితే పద్నాలుగు మంది దాకా కావాలి, మాకు ఐదుగురితోనే జరిగింది. పెట్టుకోవాల్సిన అవసరం రాని ఆ తొమ్మిది మందిని కలిపితే మిగులు ఇరవై ఏడున్నర లక్షలు. అమ్మకాలు పెరిగాయి కాబట్టే ఈ అంకె వచ్చింది. పెరుగుతాయన్న ఆశతో ముందే రాసుకుంటే మోసపోయేవాళ్లం. మూడేళ్లకు మొత్తం 55 లక్షలు. ఇదే తీరు కొనసాగితే, వడ్డీ వదిలేసినా, మిగతా 95 లక్షలు రావడానికి ఇంకో మూడున్నరేళ్లు పడుతుంది.

చెడిపోవడం గురించి కూడా చెప్పాలి. మోటార్లు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆపేది మన సరుకే. ట్రే అంచు దాటి ఒక హోస్ పైపు బయటికి వచ్చిందంటే సెన్సార్ పట్టేసి మెషీన్ అక్కడికక్కడ ఆగుతుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కంట్రోలర్ ఆఫ్ అయితే మళ్లీ మొదటినుంచి లెక్క చూసుకుంటుంది. అందుకే యూపీఎస్ పెట్టాం. అసలు బాధ ఏమిటంటే, ఒక బీరువా ఆగితే అందులోని సరుకు మన కళ్లెదుటే ఉన్నా చెయ్యి పెట్టలేం. ఒకసారి ఒకటిన్నర రోజు అలా కూర్చున్నాం. అప్పటి నుంచి ముఖ్యమైన ఐటెంలు కనీసం రెండు మెషీన్లలో ఉండేలా సర్దుతున్నాం. అరవై ఐటెంలు బయటికి వెళ్లడం ఇక్కడ కూడా కలిసొచ్చింది.

మొన్న ఓనర్ గారు నాలుగో మెషీన్‌కు కొటేషన్ తెప్పించమన్నారు. నేను తొందరపడలేదు. ఇప్పుడున్న మూడింటికే రోజుకు మూడు గంటలకు పైగా ఖాళీ ఉంది, అది ఒక కారణం. రెండో కారణం, మా లీజు 2026లో అయిపోతుంది. మూడు మెషీన్లనూ విప్పి, తరలించి, మళ్లీ బిగించడానికి 18 లక్షలు అడిగారు. "ముందు షెడ్డు వాళ్లతో ఐదేళ్ల రెన్యువల్ రాయించండి సార్, కొటేషన్ ఆ మర్నాడే తెప్పిస్తాను" అన్నాను. ఆ కాగితం ఇంకా రాలేదు.