విదేశం నుంచి వీడియో సాక్ష్యం: కాన్సులేట్‌లోనా, ఇంటి నుంచా?

విడాకుల కేసు హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో, భార్య న్యూజెర్సీలో అనుకుందాం. ప్రధాన సాక్ష్యం అఫిడవిట్‌గా దాఖలవుతుంది. వీడియో అవసరమయ్యేది ముఖ్యంగా క్రాస్ ఎగ్జామినేషన్‌కు. అందుకు ముందే పిటిషన్ వేసి కోర్టు అనుమతి తీసుకోవాలి.

సుప్రీంకోర్టు ఈ-కమిటీ 2020 నమూనా నిబంధనల ప్రకారం విదేశంలోని సాక్షి వద్ద సమన్వయకర్తగా భారత కాన్సులేట్ లేదా రాయబార కార్యాలయ అధికారి ఉండాలి. ఆ అధికారి గుర్తింపు చూస్తారు, పక్కనుంచి ఎవరూ జవాబులు అందించకుండా చూస్తారు. చిక్కంతా సమయంతోనే. ఇక్కడ ఉదయం 10.30 అయితే వేసవిలో అక్కడ రాత్రి ఒంటిగంట, కాన్సులేట్ మూసి ఉంటుంది. అధికారి దొరికే సమయాన్ని ముందే కనుక్కొని పిటిషన్‌లోనే కోరాలి.

ఇంటి నుంచైతే ఆ ఇబ్బంది లేదు, కానీ అవతలి న్యాయవాది మొదట అడిగేది గదిలో ఇంకెవరున్నారనే. న్యాయమూర్తి ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే ఇది సాధ్యం. గది మొత్తం కెమెరాలో చూపమనవచ్చు.

సంతకాలు, ఫొటోలు వివాదంలో ఉంటే కాన్సులేట్ దారే నయమని నా గట్టి అభిప్రాయం. పత్రాల ప్రతులు ముందే అధికారికి చేరితే, సాక్షి వాటిని చేత్తో పట్టుకుని చూసి జవాబు చెప్పగలరు.