పాదాలు రింగుకు నేరుగానా, కాస్త ఎడమకా? ఫ్రీ త్రోకు ఏది మేలు?

సాయంత్రాలు బాస్కెట్‌బాల్ కోర్టుకు వచ్చే పిల్లలూ, వారి తల్లిదండ్రులూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఫ్రీ త్రో వేసేటప్పుడు రెండు పాదాలనూ రింగుకు నేరుగా పెట్టాలా, లేక చాలామంది పెద్ద ఆటగాళ్ళలా కాస్త పక్కకు తిప్పాలా? రెండు పద్ధతులతోనూ బాగా ఆడేవారు ఉన్నారు. అయితే ఈ ప్రశ్నను తేల్చవలసింది పాదాలను చూసి కాదు, మోచేతిని చూసి అని నా అభిప్రాయం.

ముందుగా కొలతలు చూద్దాం. రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, పురుషుల బంతి వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు. అంటే రింగును తాకకుండా బంతి లోపలికి జారాలంటే మధ్య నుంచి ఇరువైపులా దాదాపు 10 సెంటీమీటర్ల వెసులుబాటే ఉంటుంది. ఫ్రీ త్రో గీత నుంచి రింగు మధ్యభాగం నాలుగు మీటర్లకు కొంచెం పైగా దూరంలో ఉంటుంది కనుక, బంతి చేతిని వదిలేటప్పుడు దిశ ఒకటిన్నర డిగ్రీ తప్పినా అది రింగు అంచుకు తగులుతుంది. దిశను నిలబెట్టేది బంతి కింద నిటారుగా ఉండే ముంజేయి. ఆ ముంజేయి నిటారుగా ఉండటానికి ఆధారం మోచేయి.

నేరుగా నిలబడే పద్ధతిలో మేలు లేకపోలేదు. బరువు రెండు కాళ్ళపైనా సమానంగా పడుతుంది, చిన్నపిల్లలకు గుర్తుపెట్టుకోవడం సులువు, శరీరం పక్కకు తూలదు. ఇబ్బంది భుజం దగ్గర మొదలవుతుంది. కుడిచేతి వాటం వారికి కుడి భుజం ఛాతీ మధ్య నుంచి దాదాపు జానెడు పక్కకు ఉంటుంది. రెండు భుజాలూ రింగుకు ఎదురుగా ఉన్నప్పుడు బంతిని కంటికి దగ్గరగా ఎత్తితే మోచేయి సహజంగానే బయటికి పోతుంది. దాన్ని బలవంతంగా లోపలికి లాగితే భుజం బిగుసుకుంటుంది.

మా దగ్గర ఆడే పదో తరగతి అమ్మాయి విషయంలో ఇదే జరిగింది. ఆమె షాట్లు వరుసగా రింగు ఎడమ అంచుకు తగిలేవి. వెనక నిలబడి చూస్తే మోచేయి బంతికి బయటగా, ముంజేయి లోపలికి వాలి కనిపించేది. మోచేయి లోపలికి పెట్టమని అందరూ చెప్పగా చెప్పగా ఆమె దాన్ని పక్కటెముకలకు అదిమిపెట్టేది. అప్పుడు దిశ కుదిరేది గానీ బంతి రింగు దాకా చేరేది కాదు. చేతి సంగతి పూర్తిగా వదిలేసి, కుడిపాదాన్ని అర అడుగు ముందుకు జరిపి, రింగు గడియారంలో పన్నెండు దగ్గర ఉందనుకుని రెండు పాదాల వేళ్ళనూ పదకొండు అంకె వైపు తిప్పమన్నాం. దాంతో కుడి తుంటి, కుడి భుజం రింగు వైపుకు వచ్చాయి, ఎవరూ చెప్పకుండానే మోచేయి బంతి కిందికి చేరింది.

అందుకే నా మొగ్గు కొద్దిగా తిరిగిన పాదాల వైపే. ఎన్‌బీఏ ఆటగాడు స్టీఫెన్ కరీ పాదాలు కూడా షాట్ సమయంలో రింగుకు ఎడమగానే చూస్తాయి. అయితే దీనికీ హద్దు ఉంది: పదకొండును దాటి పది, తొమ్మిది వైపు తిరిగితే ఎగిరినప్పుడు నడుము మెలితిరిగి, షాట్ షాట్‌కూ దిశ మారిపోతుంది. షాట్ తరువాత పాదాలు పెట్టిన చోట, పెట్టిన కోణంలోనే దిగకపోతే అంతగా తిప్పడం ఎక్కువైందని అర్థం. ఎడమచేతి వాటం వారు అన్నీ తారుమారు చేసుకోవాలి.

రెండు చేతులతో కింది నుంచి వేసే పద్ధతి కూడా ఒకటుంది. ఎన్‌బీఏ పాతతరం ఆటగాడు రిక్ బ్యారీ దానితోనే దాదాపు 90 శాతం ఫ్రీ త్రోలు వేశారు. కానీ అది ఆటలోని మామూలు షాట్‌కు ఉపయోగపడదు కనుక దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

నిలబడే తీరు ఏదైనా ఫాలో త్రూ ఒకటే. మోచేయి కంటి ఎత్తు దాటి పూర్తిగా చాచుకోవాలి, మణికట్టు వదులుగా ముందుకు వాలాలి, బంతి రింగును చేరేదాకా చెయ్యి అక్కడే ఉండాలి. బంతి గీతలు నేరుగా వెనక్కి తిరుగుతున్నాయా అని గమనించండి. అవి పక్కకు తిరుగుతుంటే తప్పు తరచుగా ఎడమచేతి బొటనవేలిదే, అది చివరి క్షణంలో బంతిని నెడుతోంది.

ఫ్రీ త్రో క్రమంలో కూడా పాదాలే మొదటి మెట్టు కావాలి. గీత మధ్యబిందువుకు కుడిపాదం బొటనవేలిని సరిచూసుకోవాలి. చెక్క కోర్టుల్లో అక్కడ మేకు గుర్తు తరచుగా ఉంటుంది, సిమెంటు కోర్టులో బోర్డును చూసి అంచనా వేసుకోవాలి. ఆ తరువాత రెండు డ్రిబుల్స్, వేళ్ళు గీతలకు అడ్డంగా వచ్చేలా పట్టు, ఒక నిండు నిశ్వాసం, మోకాళ్ళ వంపు, షాట్. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధన ప్రకారం రిఫరీ బంతి అందించాక 5 సెకన్లే గడువు కనుక ఇంతకంటే పొడవైన క్రమం పనికిరాదు. దీన్ని పరుగు పందెం తరువాత, ఊపిరి ఇంకా కుదుటపడని స్థితిలో సాధన చేయించండి. పాదాలు ప్రతిసారీ అదే చోట పడుతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది.