పాతది ముందా, ముఖ్యమైనది ముందా? పెండింగ్ ఫిర్యాదుల వరుసకు ఏది మేలు?

మా అపార్టుమెంటు ఫిర్యాదుల షీటు చూసిన పక్క సంఘాల వారు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: పాతవి ముందు చేయించాలా, ముఖ్యమైనవి ముందు చేయించాలా? రెండేళ్లుగా ఆ షీటు నా చేతిలో ఉంది. ఆ రెండు పద్ధతులూ నడిపి చూసి, చివరికి మూడో దానికి, అంటే గడువు పద్ధతికి వచ్చాను.

ఒక మాట ముందే. మోటారు ఆగినా, మీటరు దగ్గర నిప్పురవ్వలు వచ్చినా, లిఫ్టులో ఎవరైనా చిక్కుకున్నా వరుస చూడం. వెంటనే ఫోను చేస్తాం, తరువాత రాసుకుంటాం. ఇక్కడి పోలిక మిగతా వాటికే.

జూన్ 12 ఉదయం అయిదు ఫిర్యాదులు ఉన్నాయనుకోండి. పనిచేసే మనిషి ఒక్కరే, రోజుకు రెండు పనులు అవుతాయి. మూడో అంతస్తులో కారుతున్న కుళాయి 1వ తేదీది, వాచ్‌మన్ గది తలుపు బందు 4వ తేదీది. ఈ రెండూ మూడో స్థాయివి, అంటే అన్నిటికన్నా తక్కువ ముఖ్యమైనవి. మెట్ల దగ్గర వెలగని దీపం 9న, మేడ మీద పైపు లీకు 11న వచ్చాయి, రెండో స్థాయి. ఒక వంటింట్లో సింకు నీరు పోవడం లేదని ఈ ఉదయమే చెప్పారు, అది మొదటి స్థాయి.

పాతవి ముందు అంటే ఎవరూ తగవు పెట్టుకోరు, రేషను దుకాణం వరుస లాంటిది. కానీ సింకు వంతు 14వ తేదీకి వస్తుంది. రెండు రోజులు వంటిల్లు మురికినీటితో ఉండాలి. ఫిర్యాదులన్నీ ఒకే రకమైతేనే ఈ పద్ధతి పనికొస్తుంది.

ముఖ్యమైనవి ముందు అంటే సింకు, దీపం ఈ రోజే అయిపోతాయి. చూడటానికి ఇదే సబబుగా ఉంటుంది, మేమూ దీన్నే ఎక్కువ కాలం నడిపాం. అయితే రోజూ రెండు కొత్త ఫిర్యాదులు పై స్థాయిలో వస్తూ ఉంటే ఆ కుళాయి వంతు ఎప్పటికీ రాదు. మా దగ్గర ఒక కుళాయి అలాగే రెండు నెలలు కారింది. అసలు నష్టం అది కూడా కాదు. ఆ ఇంటాయన తరువాతి ఫిర్యాదు ఇస్తూ "చాలా అర్జంటు" అన్నారు. ఆయన్ని చూసి ఎదురింటివారూ అలాగే చెప్పారు. కొన్ని నెలల్లో షీటులో సగానికి పైగా మొదటి స్థాయివే అయ్యాయి. అందరూ మొదటి స్థాయిలో ఉంటే స్థాయి ఉన్నా లేనట్టే. నా దృష్టిలో తేల్చే విషయం ఇదే: వెనకబడినది ఏదో ఒక రోజు తప్పక ముందుకు వస్తుందా లేదా.

గడువు పద్ధతిలో తప్పక వస్తుంది. స్థాయిని వరుసకు వాడకుండా రోజులుగా మారుస్తాం: మొదటి దానికి 1 రోజు, రెండో దానికి 4, మూడో దానికి 10. వచ్చిన తేదీకి వాటిని కలిపితే గడువు. కుళాయికి 11, సింకుకూ దీపానికీ 13, తలుపుకు 14, పైపుకు 15. ఈ వరుసలో 12న కుళాయి, సింకు, 13న దీపం, తలుపు, 14న పైపు అవుతాయి. అప్పటికే గడువు దాటిన కుళాయి తప్ప ఏదీ ఆలస్యం కాదు. చేసే మనిషి ఒక్కరే అయి, పనులన్నీ చేతిలో ఉన్నప్పుడు, అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యమైన పని ఆలస్యాన్ని వీలైనంత తగ్గించేది గడువు వరుసేనని పరిశోధకుడు జె.ఆర్. జాక్సన్ 1955లోనే నిరూపించారు.

గూగుల్ షీటులో A తేదీ, B ఫిర్యాదు, C స్థాయి, D గడువు, E స్థితి. మొదటి సూత్రం D2లో రాసి కిందికి లాగండి. రెండోది వేరే పేజీలో:

```
=IF(A2="","",A2+CHOOSE(C2,1,4,10))
=SORT(FILTER(Sheet1!A2:E200,Sheet1!A2:A200<>"",Sheet1!E2:E200<>"అయింది"),4,TRUE,3,TRUE)
```

గడువులు సమానమైతే స్థాయి చూస్తుంది, అందుకే దీపం కన్నా సింకు ముందు. స్థాయిని అంకెగానే రాయండి. మాటల్లో రాస్తే గడువు సూత్రం పనిచేయదు, స్థాయిల వరుస కూడా అక్షరక్రమంలో ఎక్కువ, తక్కువ, మధ్యస్థం అని వచ్చి, మధ్యస్థం అడుగుకు పోతుంది.

వయసును స్థాయితో గుణించి మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది. తన 22 కన్నా పక్కింటి 24 ఎందుకు ముందో ఏ ఇంటివారికీ చెప్పలేక వదిలేశాను.

గడువు పద్ధతికీ ఒక హద్దు ఉంది. వచ్చే పనులు చేయగలిగిన వాటికన్నా ఎక్కువైతే అన్నీ కొద్దికొద్దిగా ఆలస్యమవుతూ పోతాయి. ప్రతి సోమవారం గడువు దాటిన వరుసలు లెక్కపెట్టండి. మూడు వారాలు వరుసగా పెరిగితే తప్పు వరుసది కాదు, రెండో మనిషిని పిలవాలి. చేసిన పని మళ్లీ చెడిపోతే కొత్త తేదీ వేయకండి, పాత వరుసలో "అయింది" చెరిపేయండి. మా మేడ మీది పైపును మూడుసార్లు కొత్త ఫిర్యాదుగా రాశాం. నెలరోజుల లీకు షీటులో ఎప్పుడూ నాలుగు రోజుల కిందటి దానిలాగే కనిపించింది.